ఆఖరి వరుసకు చేరేసరికి ‘పద్దు’ ‘వద్దు’ ఎందుకైంది?

గత వేసవిలో మా కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం హైదరాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. మూడు వందల కుర్చీలు, వేదిక మీద తెల్లటి తెర, పైకప్పు నిండా పెళ్లిళ్ల కోసం బిగించిన దీపాలు. కోశాధికారి గారు ఏడాది లెక్కలు చూపిస్తున్నారు. స్లైడు మీద శీర్షిక ‘నిర్వహణ పద్దు’. రెండు నిమిషాలు గడిచాయో లేదో, చివరి వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, “నిర్వహణ వద్దంటున్నారు, మరి లిఫ్టు సంగతి ఎవరు చూస్తారండీ?” అని అడిగారు. హాలంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ స్లైడ్లు తయారు చేసింది నేనే.

భోజనాల వేళ వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుని చూశాను. తప్పు ఆయన కళ్లది కాదు. అక్కడి నుంచి చూస్తే నాకూ ‘వద్దు’ అనే కనిపించింది. ‘ప’కూ ‘వ’కూ ఉన్న తేడా ఎంతో ఒకసారి కాగితం మీద రాసి చూడండి. ‘వ’లో తలకట్టు అక్షరానికి అతుక్కుని ఉంటుంది, ‘ప’లో కాస్త ఎడంగా ఉంటుంది. ఆ సందు పూడితే ‘ప’ ‘వ’ అయిపోతుంది. ‘ద’కూ ‘ధ’కూ మధ్య ఉన్నది కింద ఒక చిన్న గీత. ‘థ’ను ‘ధ’ నుంచి వేరు చేసేది లోపలి చుక్క. ‘గి’ని ‘గీ’ చేసేది గుడి చివర మెలిక. మన లిపిలో అర్థాన్ని మోసేవి చాలావరకు ఇలాంటి చిన్న చిన్న ముక్కలే. తెర మీద ముందుగా చెరిగిపోయేవీ అవే.

ఇలాంటి సంఘటన జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు “తెలుగు స్లైడ్లకు పనికిరాదు, ఇంగ్లిషులో పెట్టేయండి” అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఇంగ్లిషుకు సరిపోయిన కొలతలను తెలుగుకు తొడిగి, పట్టలేదని భాషను నిందించడం అది. ఇంగ్లిషులో అక్షరం ఎంత కనబడితే మాట అంత కనబడుతుంది. తెలుగులో అక్షరం కనబడినా వత్తు కనబడకపోతే మాట మారిపోతుంది. కాబట్టి మనం కొలవాల్సింది అక్షరాన్ని కాదు, వత్తును.

ఆ రోజు నేను పెట్టిన సైజు 24. పవర్‌పాయింట్‌లో ఇప్పుడు మామూలుగా వచ్చే వెడల్పాటి స్లైడు ఎత్తు 540 పాయింట్లు. అంటే 24 అనే అంకెకు తెర ఎత్తులో ఇరవై రెండో వంతు కన్నా కాస్త తక్కువ అని తప్ప వేరే అర్థం లేదు. మా హాలు తెర 4 మీటర్ల వెడల్పు, 2.25 మీటర్ల ఎత్తు. లెక్క కడితే 24 పాయింట్లంటే 10 సెంటీమీటర్లు. వినడానికి బాగానే ఉంది. కానీ అది గుడులకూ వత్తులకూ కలిపి వదిలిన మొత్తం చోటు. ‘ద’ లాంటి అక్షరం ఒంటిగా అందులో సుమారు సగం, 5 సెంటీమీటర్లు ఉంటుంది. దాని కింద ద-వత్తు అందులో సగం, రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు. ఫాంటును బట్టి కాస్త అటూ ఇటూ.

చివరి వరుస తెరకు 20 మీటర్ల దూరంలో ఉంది. కంటి డాక్టరు దగ్గర 6/6 చూపు అంటే 6 మీటర్ల దూరం నుంచి దాదాపు 9 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరాన్ని పోల్చుకోగలగడం. అదే కొలతను 20 మీటర్లకు పెంచితే సుమారు 3 సెంటీమీటర్లు అవుతుంది. అంటే నా స్లైడు మీది వత్తులన్నీ కంటి పరీక్ష చార్టులో ఆ 6/6 వరుస సైజులో ఉన్నాయన్నమాట. లెక్కలు వినడానికి వచ్చిన మనుషులకు, అందులో సగం మంది అరవై దాటినవాళ్లకు, ఆ వరుసను గంటసేపు చదవమని చెప్పాను. హాయిగా చదవాలంటే దానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉండాలి. వత్తు 5 సెంటీమీటర్లకు రావాలంటే సైజు 40కి పెంచాలి. అప్పుడు స్లైడుకు ఆరు వరుసలే పడతాయి. పడని వాటిని ఇంకో స్లైడులోకి తీసుకెళ్లాలి. దీనికి దగ్గరి దారి ఏదీ లేదు.

ఈ అంకెలను గుడ్డిగా పట్టుకోవడం కూడా ప్రమాదమే. గూగుల్ స్లైడ్స్‌లో మామూలు స్లైడు ఎత్తు 405 పాయింట్లు మాత్రమే. అక్కడి 24 మా తెర మీద 13 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. అందుకే “కనీసం ఇంత సైజు ఉండాలి” అనే సలహా ఎవరైనా ఇస్తే, ఏ స్లైడు మీద అని అడగాలి. నాకు నచ్చిన పద్ధతి మరొకటి ఉంది. 20 మీటర్లను 2.25తో భాగిస్తే దాదాపు తొమ్మిది. అంటే చివరి వరుస తెర ఎత్తుకు తొమ్మిది రెట్ల దూరంలో ఉంది. మామూలు 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర ఎత్తు సుమారు 17 సెంటీమీటర్లు. దానికి తొమ్మిది రెట్లు ఒకటిన్నర మీటరు. స్లైడును తెర నిండా తెరిచి, ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, ఐదడుగులు వెనక్కి వెళ్లి నిలబడితే మీరు ఆఖరి వరుసలో కూర్చున్నట్టే. ‘పద్దు’ను అక్కడి నుంచి ఒక్కసారి చూసి ఉంటే నాకు ఆ రోజు పరువు దక్కేది.

పరువు పూర్తిగా దక్కేది కాదేమో కూడా. ఎందుకంటే సైజు సగం కథే, మిగిలిన సగం వెలుగు.

ప్రొజెక్టర్ నలుపును వెయ్యలేదు. నల్లగా ఉండాల్సిన చోట అది వెలుగు వెయ్యకుండా ఊరుకుంటుంది, అంతే. అక్కడ మనకు కనిపించేది హాలు దీపాలు పడిన తెల్లటి గుడ్డ. కాబట్టి హాలులో అన్నిటికన్నా నల్లటి నలుపు, ప్రొజెక్టర్ ఆపినప్పుడు తెర ఎలా ఉందో అదే. ప్రొజెక్టర్ పెట్టె మీద 10,000:1 అని రాసి ఉన్న కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా, చీకటి గదిలో కొలిచింది. ఫంక్షన్ హాలుకూ దానికీ సంబంధం లేదు.

ఆ మధ్యాహ్నం ఫోనులోని కాంతిమాపకం యాప్‌తో తెర దగ్గర కొలిచాను. అది ప్రయోగశాల పరికరం కాదు, కానీ నిష్పత్తి తెలియడానికి సరిపోతుంది. ఫోను ముఖాన్ని జనం వైపు తిప్పి తెరకు ఆనించి పట్టుకుంటే, ప్రొజెక్టర్ ఆపినప్పుడు సుమారు 100 లక్స్ వచ్చింది. తెల్లటి స్లైడు వేసినప్పుడు 500. అంటే ప్రొజెక్టర్ తనంతట తాను ఇస్తున్నది 400. తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా అయిదు రెట్లు. ల్యాప్‌టాప్ మీద నలుపు తెలుపుల మధ్య 21 రెట్లని లెక్క చెప్పే రంగుల తనిఖీ పరికరాలకు ఈ హాలు గురించి ఏమీ తెలియదు.

ఇప్పుడు నా స్లైడు సంగతి. లోపలి అక్షరాలకు తెలుపు మీద #777777 అనే బూడిద రంగు వాడాను. హుందాగా ఉంటుందని. తెలుపు వెలుగులో ఆ బూడిద వెలుగు 18 శాతం. కంప్యూటర్ లెక్కలో దాని కాంట్రాస్ట్ దాదాపు 4.5. వెబ్ పేజీల్లో మామూలు అక్షరాలకు, వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు కోరే కనీస హద్దు కూడా 4.5, కాబట్టి గట్టెక్కినట్టే అనుకున్నాను. హాలులో మాత్రం ఆ బూడిదకు ప్రొజెక్టర్ ఇచ్చే 74 లక్స్‌కు దీపాల 100 కూడా కలిసింది. 500ను 174తో భాగిస్తే 2.9. శీర్షిక పరిస్థితి ఇంకా ఘోరం. ముదురు నీలం పట్టీ మీద ఎర్రటి అక్షరాలు పెట్టాను. స్వచ్ఛమైన ఎరుపు మన కంటికి ఎంత గట్టిగా కనిపించినా, వెలుగు లెక్కలో తెలుపులో 21 శాతమే. ల్యాప్‌టాప్ మీద 4 ఉన్న కాంట్రాస్ట్ అక్కడ 1.7కు దిగింది. ‘ప’ తలకట్టు కింది సందు అందులో ఎలా మిగులుతుంది?

నిజానికి డీఎల్‌పీ అనే రకం ప్రొజెక్టర్లు చాలావాటిలో ఎరుపు ఈ లెక్క కన్నా మసకగానే ఉంటుంది. వాటి రంగుల చక్రంలో తెలుపును పెంచడానికి ప్రత్యేకంగా ఒక ముక్క ఉంటుంది. పెట్టె మీద వెలుగు కొలతగా రాసే ల్యూమెన్లు ఆ తెలుపువే. రంగులకు అంత వెలుగు దక్కదు. మన ఊరి సభల్లో శీర్షికలు ఎర్రగా ఉండాలని ఎవరు నిర్ణయించారో గానీ, ఫ్లెక్సీ మీద అందంగా ఉన్నదల్లా తెర మీద అలాగే ఉంటుందని అనుకోకూడదు. ఫ్లెక్సీకి ఎండ బలం, తెరకు ఎండ శత్రువు.

హాలు మేనేజరును దీపాలు తగ్గించమని అడిగితే, “అన్నీ ఒకే స్విచ్చు సార్, ఆపితే మొత్తం ఆగిపోతాయి” అన్నాడు. ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని తెర ముందున్న నాలుగు దీపాలను మాత్రం ఊడదీశాడు. తెర మీద కొలత 20కి పడింది. ప్రొజెక్టర్ మారలేదు, స్లైడు మారలేదు. బూడిద అక్షరాల కాంట్రాస్ట్ 4.5కు, ఎర్రటి శీర్షిక 4కు తిరిగి వచ్చాయి. జనం కూర్చున్న వైపు దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. తెర మీద పడే వెలుగే లెక్క, హాలులో ఉన్న వెలుగు కాదు. కొత్త ప్రొజెక్టర్ కొనాలని తీర్మానాలు చేసే సంఘాలు ముందు ఒక నిచ్చెన తెప్పించుకోవాలని నా అభిప్రాయం.

ఫాంటు గురించి ఇంతసేపు మాట్లాడకపోవడానికి కారణం ఉంది. ఫాంటు మారిస్తే అన్నీ సర్దుకుంటాయని అందరూ అక్కడే మొదలుపెడతారు. అయినా అది చిన్న విషయమేమీ కాదు. 20 మీటర్ల నుంచి మంచి చూపు విడిగా పట్టుకోగల గీత మందం సుమారు 6 మిల్లీమీటర్లు. అంతకన్నా సన్నని గీత కనబడకుండా పోదు, పక్కనున్న తెలుపుతో కలిసి బూడిదగా మారుతుంది. అంటే నల్లటి అక్షరానికి కూడా మనమే కాంట్రాస్ట్ తగ్గించినట్టు. పోతన లాగా సన్నం లావు గీతలు కలిసే ఫాంట్లు పుస్తకంలో ముచ్చటగా ఉంటాయి గానీ, హాలులో సన్నటి వంపులు ముందే కరిగిపోతాయి. అలాగని రామభద్ర లాంటి బాగా లావుపాటి ఫాంటును లోపలి వాక్యాలకు వాడితే ‘మ’, ‘ఘ’ లాంటి అక్షరాల కడుపులు పూడిపోతాయి. రామభద్ర రెండు మూడు మాటల శీర్షికకు బాగుంటుంది. నేను ఇప్పుడు నోటో సాన్స్ తెలుగులో మీడియం లేదా సెమీబోల్డ్ మందాన్ని వాడుతున్నాను. దానికి కారణం అందం కాదు, అందులో ఒక్కో మందానికీ విడి రూపం ఉంది. ఒకే మందం ఉన్న ఫాంటుకు బోల్డ్ బొత్తాం నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని పక్కలకు ఉబ్బిస్తుంది, ‘ప’ సందు మళ్లీ మూసుకుపోతుంది.

పవర్‌పాయింట్ నాకు తెలియకుండా చేసిన ద్రోహం ఒకటి తర్వాత బయటపడింది. పెట్టెలో పట్టనంత రాసినప్పుడు అది అక్షరాలను తనంతట తానే కుదిస్తుంది, వరుసల మధ్య దూరాన్నీ కొంత తగ్గిస్తుంది. ఇంగ్లిషులో అది పెద్దగా తెలియదు. తెలుగులో పై వరుస వత్తు కింది వరుస గుడిలో గుచ్చుకుంటుంది. ‘మరమ్మతు’ కింద ‘విద్యుత్తు’ వచ్చిన చోట మ-వత్తు వచ్చి ‘వి’ గుడి మీద కూర్చుంది. నేను ఆ సౌకర్యాన్ని ఆపేశాను. పట్టకపోతే పట్టలేదని కనబడాలి, అప్పుడే మాటలు తగ్గిస్తాం.

దసరా ముందు జరిగిన రెండో సమావేశానికి అదే హాలు, అదే ప్రొజెక్టర్. శీర్షిక నీలం పట్టీ మీద తెల్లగా, సైజు 48. లోపలి అక్షరాలు నల్లగా, సైజు 40. స్లైడ్లు తొమ్మిది నుంచి పదహారు అయ్యాయని కోశాధికారి గారు కాస్త విసుక్కున్నారు. ముందువాళ్ల తలలు అడ్డం వస్తాయని తెర అడుగున నాలుగో వంతు ఖాళీగా వదిలాను. వెనక వరుసలోంచి ఆ పెద్దాయనే మళ్లీ లేచారు. లిఫ్టు మరమ్మతు మొత్తంలో జీఎస్టీ కలిసి ఉందా, విడిగానా అని అడిగారు. దానికి మా దగ్గర జవాబు లేదు.