బంగారం బోర్డు, ఎడమ నుంచి కుడికి

మా ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లకు బంగారం రేటు బోర్డు చదవడం రాదని ఒక బ్యాంకు వారు కనిపెట్టారు. ఎలా కనిపెట్టారో తెలియదు. ముప్ఫై ఏళ్లుగా చెవిదుద్దులు అమ్మి ఫీజులు కట్టి, మళ్లీ చీటీ ఎత్తి దుద్దులు కొనుక్కుంటున్న వీళ్లకు ఆ విద్య లేదని తేలాక, ఆఫీసరు గారు ప్రొజెక్టరుతో సహా దిగారు.

తెరగా కట్టిన దుప్పటి మీద బోర్డు ఫొటో పడింది. ఎర్ర చుక్క లైటు వేసి ఆయన శ్రద్ధగా బోధించారు: "బోర్డును ఎడమ నుంచి కుడికి చదవాలి. ఎడమన క్యారెట్, కుడిన ధర." సంఘం లీడరు రాసుకుంది. రాసుకోకపోతే ఆయన బాధపడతారని. తర్వాత లండన్ రేటు, డాలరు, ఔన్సు వచ్చాయి. ఔన్సంటే 31.1 గ్రాములట. వెనక వరసలో ఒక ముసలమ్మ లేచి, "ఎన్ని కాసులు బాబూ?" అంది. కాసంటే ఏమిటని ఆయన అడిగారు. ఎనిమిది గ్రాములని ముప్ఫై గొంతులు ఒకేసారి చెప్పాయి. "నాలుగు కాసులకు ఓ పిసరు తక్కువ" అని ముసలమ్మే తేల్చేసి కూర్చుంది. ఆయన ఇంకా ఫోన్‌లో కాలిక్యులేటర్ వెతుకుతూనే ఉన్నారు. ఇంతలో కరెంటు పోయింది. చీకట్లో కూడా ఎర్ర చుక్క దుప్పటి మీద ధర కోసం తిరుగుతూనే ఉంది.

అసలు బోర్డులో చూడాల్సింది ఒక నిమిషం పని. 24 క్యారెట్ల రేటును పన్నెండు భాగాలు చేసి పదకొండు తీసుకుంటే 22 క్యారెట్లది రావాలి. గ్రాము 12,000 ఉంటే 11,000. అంతకు బాగా ఎక్కువ రాశారంటే ఆ షాపువాడిని ఎందుకని అడగొచ్చు. ఈ ముక్క ఆయన చెప్పలేదు.

బోర్డు మీద రాయనిది బిల్లులో ఉంటుంది. రాళ్లతో కలిపి 20 గ్రాముల హారం, రాళ్లు 2 గ్రాములు అనుకుందాం. బంగారం 18 గ్రాములే, అంటే 1,98,000. దాని మీద 12 శాతం తరుగు వేస్తే 2,21,760. ఆపైన మూడు శాతం జీఎస్టీ కలిపితే 2,28,413. రాళ్లను కూడా బంగారం రేటుకే తూచాడా, ఇంకో 22,000 ఎగిరిపోయినట్టే, దాని మీద తరుగు వేరే. తరుగు శాతం ఏ బోర్డు మీదా ఉండదు. అది మన మొహం చూసి చెప్తారు.

అదే హారం బ్యాంకులో పెట్టండి. 2025లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం రాళ్లకు విలువ లేదు, తరుగుకూ లేదు. రేటు కూడా షాపు బోర్డుది కాదు. గత 30 రోజుల సగటు, నిన్నటి ముగింపు ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. అది 10,500 అనుకుంటే విలువ 1,89,000. రెండున్నర లక్షల లోపు ఇంటి ఖర్చుల అప్పుకు అందులో 85 శాతం దాటకూడదు, అంటే 1,60,650. ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే అప్పయితే ఆ వడ్డీ కూడా ఈ 85లోనే ఇమడాలి కాబట్టి చేతికి ఇంకా తగ్గుతుంది. "బోర్డు మీద అంత ఉంటే మీరు ఇంతే ఇస్తారేంటి?" అని ఒకామె అడిగింది. ఆయన "మంచి ప్రశ్న" అని మెచ్చుకుని లండన్‌కు వెళ్లిపోయారు.

వేలం గురించి మాత్రం ఒకే మాట: "డిఫాల్ట్ చేయకండి." ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మా వీధిలో ఒకామె గాజులకు వేలం నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. చదవడానికి కొడుకు పండక్కి వచ్చేదాకా ఆగింది. అప్పటికి గడువు పోయింది, గాజులూ పోయాయి. ఆ ప్రాంతం భాషలోనో, అప్పు తీసుకున్నవాళ్లు కోరిన భాషలోనో చెప్పాలనీ, వేలం మొదటి ధర అప్పటి విలువలో 90 శాతానికి తగ్గకూడదనీ, మిగిలిన డబ్బు తిరిగివ్వాలనీ అదే నిబంధనల్లో ఉంది. ఔన్సు చెప్పడానికి నోరొచ్చిన మనిషికి ఇది చెప్పడానికి ఏమొచ్చిందయ్యా? మీ బోర్డు మాకొద్దు, ఆ నోటీసు తెలుగులో పంపండి చాలు!

చివర్లో బ్యానరు పట్టుకుని ఫొటో దిగారు. టీ తాగుతుంటే ముసలమ్మ ఆయన చేతి ఉంగరం చూసి, "తరుగు ఎంత వేశారు బాబూ?" అంది. ఆయనకు తెలియదు. ఇలా ఇమ్మని తీసుకుని, అరచేతిలో రెండుసార్లు ఆడించి, "రాయి తీసేస్తే అర కాసు కూడా లేదు" అని తిరిగిచ్చేసింది.