గోడకు పాస్ ఇస్తే బాస్కెట్‌బాల్ వచ్చినట్టు కాదు

"పీఈ టీచర్లందరికీ పంపండి. బాస్కెట్‌బాల్ యూనిట్‌కు అభ్యసన లక్ష్యాలు రాయడం చాలా సులువు. 1. 'పాసింగ్‌ను అర్థం చేసుకుంటారు' అని రాస్తే చాలు, ఎవరూ అడగరు. 2. కొలవాలంటే గోడ టెస్ట్ పెట్టండి. 30 సెకన్లలో 20 చెస్ట్ పాస్‌లు వేస్తే ఏ గ్రేడ్. 3. మూవ్‌మెంట్‌ను కొలవలేం కాబట్టి దాన్ని వదిలేయండి. 4. పీరియడ్‌కు ఆరేడు లక్ష్యాలు ఉంటే ప్లాన్ నిండుగా కనిపిస్తుంది."

బెంగళూరులో పనిచేస్తున్న తెలుగు పీఈ టీచర్ల గ్రూపులో ఈ వారం ఇది నాకు ఐదుసార్లు వచ్చింది. పంపినవాళ్ళు నా స్నేహితులే, మంచి టీచర్లే. అందుకే ఇంత కోపం.

మొదటి అంశానికి జవాబు 1962లోనే వచ్చింది. పిల్లవాడు ఏం చేస్తాడు, ఏ పరిస్థితిలో చేస్తాడు, ఎంత బాగా చేస్తే చాలు అనే మూడూ లక్ష్యంలో ఉండాలని అమెరికా విద్యా నిపుణుడు రాబర్ట్ మేగర్ అప్పుడే చెప్పాడు. 'అర్థం చేసుకుంటారు' అన్న మాటలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మైదానంలో నిలబడి దేన్ని చూసి టిక్కు పెట్టాలి? నాలుగో అంశం మీద ఒక్క వాక్యం చాలు: నలభై నిమిషాల పీరియడ్‌లో పిల్లలు బూట్లు వేసుకుని కోర్టుకు చేరేసరికే ఎనిమిది నిమిషాలు పోతాయి, మిగిలిన ముప్పై రెండు నిమిషాల్లో ఒక లక్ష్యం నెరవేరితే అదే గొప్ప.

నన్ను నిద్రపోనివ్వనిది మూడో అంశం. రెండో అంశంతో కలిస్తే అది ఆటనే చంపేస్తుంది. మ్యాచ్‌లో కోర్టు మీద పదిమంది ఉంటారు, బంతి ఒక్కటే. ఏ క్షణం చూసినా తొమ్మిదిమంది చేతుల్లో బంతి ఉండదు. వాళ్ళు చేస్తున్నదంతా మూవ్‌మెంటే. దాన్ని వదిలేసి పాసింగ్ యూనిట్ నేర్పుతామంటే, ఈత నేర్పుతూ నీళ్ళు వద్దన్నట్టే. గోడ కదలదు, గోడకు డిఫెండర్ అడ్డురాడు, ఎటు నిలబడాలో గోడ ఆలోచించదు. ఈ మెసేజ్ రాసినవారు మ్యాచ్‌లో బంతి లేని పిల్లను ఒక్కసారైనా గమనించారా?

నేను గమనించిన ఒక పిల్ల గురించి చెబుతాను. ఎనిమిదో తరగతి. గోడ టెస్ట్‌లో 30 సెకన్లలో 24 పాస్‌లు వేసింది, ఆ సెక్షన్‌లో అదే ఎక్కువ. ముగ్గురికి ముగ్గురు ఆట పెట్టాను. బంతి రాగానే చక్కగా పాస్ ఇచ్చి, ఇచ్చిన చోటే చేతులు దించుకుని నిలబడిపోయింది. మూడు నిమిషాల్లో ఆరు పాస్‌లు ఇచ్చింది. మూడుసార్లు నిలబడిపోయింది, ఒకసారి బంతి వెనకాలే పరుగెత్తి తోటి అమ్మాయికి అడ్డుపడింది, రెండుసార్లు మాత్రమే ఖాళీ చోటుకు వెళ్ళింది. మెసేజ్ ప్రకారం ఆమెకు ఏ గ్రేడ్. ఆటలో ఆమెకు బంతి తిరిగి ఇవ్వడానికి తోటివాళ్ళకు దారే లేదు.

ఈ ఆరు, మూడు, ఒకటి, రెండు అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి? మూవ్‌మెంట్‌ను కొలిస్తేనే వచ్చాయి. కొలవడానికి నేను రాసుకున్న లక్ష్యం ఇది: "డ్రిబుల్ లేని ముగ్గురు-ముగ్గురు ఆటలో, మూడు నిమిషాల్లో, పాస్ ఇచ్చిన రెండు సెకన్లలోపు ఖాళీ చోటుకు కదులుతారు, ప్రతి ఐదు పాస్‌లకు కనీసం మూడుసార్లు." డ్రిబుల్ ఎందుకు వద్దంటే, అది ఉంటే బలమైన పిల్లవాడొక్కడే బంతి తీసుకుని పోతాడు, మిగతావాళ్ళకు కదలాల్సిన అవసరమే రాదు. మొదట్లో నేను 'పదికి ఎనిమిది' అని రాశాను. మూడు నిమిషాల్లో మా పిల్లలకు ఐదారు పాస్‌లే వస్తున్నాయి, ఇక పది ఎక్కడ? పరిస్థితిని చూడకుండా అంకె రాస్తే ఇలాగే అవుతుంది.

మరి 36 మందిని ఒక్క టీచర్ ఎలా చూడాలని అడుగుతారు. చూడనక్కర్లేదు, పిల్లలే చూస్తారు. 28 మీటర్ల కోర్టును పొడవునా కోన్లతో నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి ఒకవైపు ఏడు మీటర్లు, ఇంకోవైపు 15 మీటర్లు వస్తుంది. ఒక్కో భాగంలో ఆరుగురు చొప్పున 24 మంది ఆడతారు, 12 మంది గీత బయట కాగితంతో కూర్చుంటారు. తరగతిని పన్నెండేసి మందితో మూడు గుంపులు చేయండి. మొదటి ఆటలో ఒకటో గుంపు రెండో గుంపును చూస్తుంది, రెండో ఆటలో రెండోది మూడోదాన్ని, మూడో ఆటలో మూడోది ఒకటోదాన్ని. మూడు ఆటలూ అయ్యేసరికి ప్రతి పిల్లా రెండుసార్లు ఆడుతుంది, ఒకసారి చూస్తుంది, ఒకసారి ఆమెను ఒకరు చూస్తారు. ఆట సమయం తొమ్మిది నిమిషాలే. కాగితం మీద మూడు గడులు చాలు: నిలబడింది, బంతి వైపు వెళ్ళింది, ఖాళీకి వెళ్ళింది. మధ్య గడి తప్పనిసరి, ఎందుకంటే కదిలితే చాలని రాస్తే బంతి చుట్టూ గుమిగూడిన పిల్లలందరికీ టిక్కులు పడతాయి.

ఇంకో లోపం ఈ యూనిట్ మధ్యలో తెలిసింది. ఒక పిల్లవాడి కాగితంలో మూడు గడులూ ఖాళీ. అతను బాగానే కదిలాడు, కానీ అతనికి ఎవరూ బంతి ఇవ్వలేదు. పాస్‌లనే లెక్కించే లక్ష్యం అతని పనిని చూడలేదు. అందుకే రెండో లక్ష్యం రాశాను: సహచరుడి చేతిలో బంతి ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఖాళీ అయి చేతులు చూపించాడు అని. బంతి వచ్చిందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. గోడ టెస్ట్‌లో ఒక గుణం ఉంది, అది నా పద్ధతిలో మొదట్లో లేదు. గోడ పాస్‌లను ఇద్దరు లెక్కపెడితే ఇద్దరికీ ఒకే అంకె వస్తుంది. నేను ఇద్దరు పిల్లలతో ఒకే ఆటగాడిని చూడమంటే ఒకరు ఆరింటికి రెండు, ఇంకొకరు ఐదు వేశారు. తప్పు వాళ్ళది కాదు, 'ఖాళీ' అంటే ఏమిటో నేను చెప్పలేదు. బంతి పట్టుకున్నవారి చేతుల నుంచి తన ఛాతీ వరకు గీత గీస్తే డిఫెండర్ చేయి ఆ గీతకు అందకూడదు అని చెప్పి, నేల మీద ముగ్గురిని నిలబెట్టి చూపించాక తేడా ఒకటికి మించలేదు. ఇంకా ఒప్పుకుంటాను, నిరుడు నేను గోడ టెస్ట్‌ను పూర్తిగా తీసేసి పొరపాటు చేశాను. బంతి నాలుగు మీటర్లు కూడా చేరని పిల్లలు ఆటలో ఎంత కదిలినా ఉపయోగం ఉండదు. వాళ్ళు ఎవరో గోడ ముందు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కాబట్టి ఈసారి రెండో పీరియడ్‌లో గోడ టెస్ట్ పెడుతున్నాను. ఎవరి చేతులకు సాయం కావాలో తెలుసుకోవడానికే, గ్రేడ్ వేయడానికి కాదు. గ్రేడ్ ఆ మూడు గడుల కాగితం నుంచే. 24 పాస్‌లు వేసిన ఆ అమ్మాయి మూడు వారాల తర్వాత ఏడు పాస్‌లు ఇచ్చి ఐదుసార్లు ఖాళీకి వెళ్ళింది.