బీమ్ మొదట్లో గీత, కిటికీ కింద పగులు: ఏది పూతది, ఏది కట్టడానిది?

ఇంటి యజమాని: సత్తెనపల్లి శివారులో నల్లరేగడి నేల మీద అయిదేళ్ల క్రితం కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు మాది. హాలులో కాలమ్, బీమ్ కలిసే చోట రెండు గీతలు వచ్చాయి. ఒకటి బీమ్ అడుగున అడ్డంగా సాగి కాలమ్ పక్కన నిలువుగా దిగింది, రెండోది బీమ్ మీదే వాలుగా ఉంది. దక్షిణం వైపు పడకగదిలో కిటికీ సిల్ కింద మరో పగులు ఉంది. వీటిలో దేనికి పుట్టీ చాలు, దేనికి భయపడాలి?

తాపీ మేస్త్రి: మూడింటికీ పుట్టీ చాలునండి. కాంక్రీటు ఒక జాతి, ఇటుక గోడ మరో జాతి. ఎండకు ఒకటి ఒకలా సాగుతుంది, రెండోది మరోలా సాగుతుంది. పైగా గోడను ఒకే రోజున బీమ్ అడుగు దాకా లేపేస్తే, మాలు ఆరి దిగేటప్పుడు పైన సందు పడక మానదు. ఆ సందే ప్లాస్టరింగ్ మీద గీతగా బయటపడుతుంది. దాన్ని చూసి ఇల్లు కూలిపోతుందని బెంగపడితే ఊళ్లో ఏ ఇంట్లోనూ నిద్ర పట్టదు.

ఇంజనీరు: మొదటి గీత విషయంలో మేస్త్రి గారి మాట నిజం. అది దారం పట్టి గీసినట్టు సరిగ్గా ఇటుక, కాంక్రీటు కలిసే అంచు వెంటే పోతోంది. మొదటి నుంచి చివరి వరకు ఒకే సన్నదనం ఉంది, వేలితో అడ్డంగా రాస్తే ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా తగలడం లేదు. ఫ్రేము కట్టడంలో ఆ గోడ పైబరువును మోయదు కాబట్టి ఇంటి బలానికి దీనివల్ల లోటు లేదు. అయితే పుట్టీ చాలునన్న మాటతో నేను ఏకీభవించను. ఆ సందు ప్రతి వేసవికీ కదులుతుంది కనుక పైన పూసిన పుట్టీ మళ్లీ అక్కడే చీలుతుంది. అంచుకు రెండు వైపులా జానెడేసి వెడల్పున ప్లాస్టర్ తీసి, సందులో మాలు గట్టిగా కూరి, చికెన్ మెష్‌ను సగం కాంక్రీటు మీదికి, సగం ఇటుక మీదికి వచ్చేలా మేకులతో బిగించి, మళ్లీ ప్లాస్టర్ చేసి, కనీసం వారం రోజులు తడపాలి. కట్టేటప్పుడే ఆ మెష్ వేసి ఉంటే ఈ గీత కనిపించేది కాదు.

మేస్త్రి: మెష్ వేయలేదన్నది ఒప్పుకుంటాను, అప్పట్లో ఎవరూ అడగలేదు. మరి రెండో గీత సంగతి? అది వెంట్రుకంత కూడా లేదు. కాంక్రీటులోనే 0.3 మిల్లీమీటర్ల వరకు పగులు ఉండవచ్చని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456లో ఉందని మీ ఇంజనీర్లే చెబుతారు కదమ్మా. అలాంటప్పుడు ప్లాస్టర్ మీది గీతకు ఇంత విచారణ ఎందుకు?

ఇంజనీరు: ఆ అంకె నిజమే కానీ, మీరు దాన్ని వాడుతున్న చోటు వేరు. బీమ్ బరువుకు వంగినప్పుడు మధ్యభాగంలో అడుగున నిలువుగా సన్నని చీలికలు రావడం సహజం. అక్కడి చువ్వలు ఆ లాగుడును పట్టుకుని ఉంటాయి. తుప్పుకు దారి ఇవ్వనంత సన్నగా ఉంటే చాలునని ఆ హద్దు పెట్టారు. కాలమ్ ముఖం దగ్గర అడుగున మొదలై బీమ్ మధ్య వైపుకు వాలుగా ఎక్కే పగులు అలాంటిది కాదు. అక్కడ బీమ్ కోతకు లోనవుతోందని, దాన్ని ఆపే ఇనుప రింగులు చాలడం లేదేమోనని అది చెబుతుంది. అలాంటి పగులు కాంక్రీటులోనే ఉంటే, వెంట్రుకంత ఉన్నా నేను ఊరుకోను. కాబట్టి ఇక్కడ వెడల్పు కొలవడం కంటే ముందు, ఈ గీత ఎంత లోతు పోయిందో చూడాలి. సుత్తి, ఉలి ఇవ్వండి.

గీతకు అడ్డంగా, అది ఎక్కువ స్పష్టంగా ఉన్న చోట, అరచేయంత మేర ప్లాస్టర్ తీయించారు. ముందు తట్టి చూస్తే బోలు శబ్దం వచ్చింది. తీసిన ముక్క మూడున్నర సెంటీమీటర్ల మందం ఉంది. కాంక్రీటు పోసేటప్పుడు సెంట్రింగ్ దిగడంతో బీమ్ వంకరైతే, దాన్ని సరిచేయడానికి ఒకే దఫాలో అంత మందంగా కొట్టారన్నమాట. ప్లాస్టర్ ముక్క అంచులో గీత లోపలి వరకు ఉంది, దాని కింద కాంక్రీటును తడిగుడ్డతో తుడిచి టార్చి పక్కవాటుగా పెట్టి చూసినా ఏ జాడా కనిపించలేదు. ఈ వాదంలో అన్నిటికంటే విలువైనది ఈ చిన్న పనే. చూపుతో తేలనిది పావుగంటలో తేలింది.

మేస్త్రి: చూశారా, పూత పగులే. నేను మొదటి నుంచీ అదే అంటున్నాను.

ఇంజనీరు: మీ మాటే నిలిచింది, సంతోషం. ఆ మందాన్ని రెండు దఫాలుగా, మధ్యలో మెష్ వేసి కొట్టండి. కానీ తీయకముందు మీకూ నాకూ ఒకే సాక్ష్యం ఉంది. అదే వాలు, అదే చోటు. కాంక్రీటులో కనుక గీత కొనసాగి ఉంటే, ఈ సాయంత్రమే బీమ్ కింద సపోర్టులు పెట్టించి, పై గదిలోని బరువు దించి, డిజైన్ చేసినవారిని పిలిపించేదాన్ని.

యజమాని: కాకినాడలో మా అక్కయ్య గారింట్లో కూడా కాలమ్ మీద ఇలాంటి గీతే వచ్చిందండి. రెండుసార్లు సిమెంటు పూయించారు, రెండుసార్లూ ఊడిపోయింది. అంటే అదీ మందం ప్లాస్టర్ వల్లే అయి ఉంటుంది కదా?

ఇంజనీరు: ఆ గీత కాలమ్ మూల వెంట పైనుంచి కిందికి నిలువుగా ఉందా, దాని నుంచి గోధుమరంగు మరక ఏమైనా దిగిందా?

యజమాని: నిలువుగానే ఉంది. వానాకాలంలో ఎర్రటి చార దిగుతుందని అక్కయ్య చెప్పేది.

ఇంజనీరు: అయితే అది ఈ జాతి కాదు. సముద్రపు గాలిలోని ఉప్పు లోపలికి చేరి చువ్వ తుప్పు పడితే, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటును చువ్వ వెంటే చీలుస్తుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తుప్పు ఆగదు కాబట్టి మళ్లీ ఊడుతుంది. ఆ ఇంటిని ఎవరైనా ఇంజనీరు చేత త్వరగా చూపించమని చెప్పండి. మనం ఇక కిటికీ దగ్గరికి వెళదాం. నన్ను నిజంగా ఆలోచింపజేస్తున్నది అదే.

మేస్త్రి: ఇది మరీ చిన్న విషయమమ్మా. సిల్ కింద కాంక్రీటు బెడ్ వేయలేదు, ఇటుకలు పచ్చిగా ఉన్నప్పుడే కట్టేశారు. కిటికీకి రెండు పక్కలా గోడ ఎత్తుగా, మధ్యలో పొట్టిగా ఉంటే, ఆరేటప్పుడు ఎక్కడ బలహీనమో అక్కడే చీలుతుంది. నేను కట్టిన ఇళ్లలో ఎన్నో కిటికీల కింద ఇదే పగులు చూశాను. ఒక్క ఇల్లూ కూలలేదు.

ఇంజనీరు: పగులు ఆకారం చూడండి. సిల్ దగ్గర రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంది, కిందికి దిగేకొద్దీ సన్నబడి నేలకు జానెడు పైన మాయమైంది. బయటకు వెళ్లి చూస్తే అదే చోట, అదే రూపంలో ఉంది. అంటే పూతలో ఆగలేదు, గోడ మందమంతా చీలింది. పైన తెరుచుకుని కింద మూసుకున్న పగులు గోడ వంగిందని సూచిస్తుంది. మధ్యభాగం నిలిచి మూల దిగినా, మూల నిలిచి మధ్యలో గోడ అడుగునున్న ప్లింత్ బీమ్‌ను మన్ను పైకి నెట్టినా ఇదే రూపం వస్తుంది. నల్లరేగడిలో ఈ రెండూ జరుగుతాయి. ఎండాకాలం అంచున మన్ను ఆరి కుంచించుకుంటుంది, వానాకాలం తడిసి ఉబ్బుతుంది.

మేస్త్రి: రూపం ఒక్కటే చూసి అలా అనకండి. గోడ అడుగును ప్లింత్ బీమ్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, పైన సిల్ దగ్గర పట్టుకునేది ఏమీ లేదు. ఆరేటప్పుడు పైభాగం స్వేచ్ఛగా కుంచించుకుంటే, పగులు పైన వెడల్పుగా, కింద సన్నగానే ఉంటుంది కదా?

ఇంజనీరు: మంచి మాట అన్నారు. అందుకే రూపం ఒక్కటే చాలదని నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ ఆరే చీలిక కట్టిన తొలి ఒకటి రెండేళ్లలో వచ్చి ఆగిపోవాలి. ఇంటి వయసు అయిదేళ్లు. యజమాని గారు దీన్ని పోయిన వేసవిలోనే మొదటిసారి చూశారు.

మేస్త్రి: చూడటం పోయిన వేసవిలోనే, పుట్టడం ఎప్పుడో ఎవరికి తెలుసు? రంగు కింద దాగి ఉండి, రంగు పొర తేలిపోగానే బయటపడి ఉండవచ్చు.

ఇంజనీరు: దానికి పగులు లోపలే సాక్ష్యం దొరుకుతుంది. టార్చి వేసి చూడండి. కింది సగంలో పగులు గోడల మీద పాత రంగు కారి గట్టిపడి ఉంది, ధూళి పట్టి నల్లబడింది. అంటే ఆ భాగం రంగు వేయకముందే ఉంది. సిల్‌కు దగ్గరగా ఉన్న పై భాగంలో మాత్రం విరిగిన అంచులు శుభ్రంగా, కొత్తగా ఉన్నాయి. మీ మాటకు కింది సగం ఆధారం, నా మాటకు పై సగం ఆధారం. పాత చీలికే ఇప్పుడు మళ్లీ కదులుతోందని నాకు అనుమానం.

యజమాని: అయితే పునాది తవ్వి చూడాలా?

ఇంజనీరు: ఇప్పుడే వద్దు. గది తలుపు, కిటికీ రెక్కలు పట్టేయకుండా పడుతున్నాయి, తూనికగుండు వేస్తే గోడ నిలువుగానే ఉంది, కాలమ్ మీద ఏ గీతా లేదు. తొందరపడాల్సిన గుర్తులు కనిపించడం లేదు. ముందు ఇది కదులుతోందో లేదో తేల్చాలి. సిల్‌కు బెత్తెడు కింద, పగులుకు అటూ ఇటూ ప్లాస్టర్ కొంచెం తీసి, ఇటుకలోనే రెండు స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరాన్ని నెలకోసారి, ఉదయం ఒకే వేళకు, వెర్నియర్‌తో కొలిచి రాయండి. పగులు ఎక్కడ ముగిసిందో అక్కడ పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి.

మేస్త్రి: గాజుముక్క అంటిస్తే పోదా? పగిలితే కదిలిందని, పగలకపోతే కదలలేదని తెలిసిపోతుంది.

ఇంజనీరు: గాజు అంటిస్తే కదిలిందని తెలుస్తుంది కానీ ఎంత కదిలిందో, తిరిగి ఎంత మూసుకుందో తెలియదు. మనకు కావలసింది కాలంతో పాటు దాని తీరు. వేసవిలో తెరుచుకుని వానలకు మూసుకుంటే అంచు మన్ను ఆరి మూల దిగుతోందని అర్థం. వానలకే తెరుచుకుంటే ప్లింత్ బీమ్ కింద మన్ను ఉబ్బి లేపుతోందని అర్థం. ఏడాదంతా కదలకపోతే మేస్త్రి గారి మాటే నిజం. అప్పుడు సిల్ తీసి, పగిలిన ఇటుకలు మార్చి, కిటికీ వెడల్పు దాటి రెండు వైపులా గోడలోకి చొచ్చుకుపోయేలా పలచని కాంక్రీటు సిల్ బెడ్ వేసి మూసేయవచ్చు.

మేస్త్రి: ఒక ఏడాది పగులు తెరిచి ఉంచితే వాన నీరు లోపలికి దిగదా?

ఇంజనీరు: దిగుతుంది. అందుకే బయటవైపు సాగే సీలెంటుతో మూయండి, లోపల మాత్రం కనిపించేలా ఉంచండి. మరో పని ఈ రోజే చేయాలి. ఆ మూలలో డాబా నీటి గొట్టం సరిగ్గా గోడ అడుగునే వదులుతోంది, పక్కనే వేపచెట్టు ఉంది. గొట్టం నీరు గోడకు దూరంగా పడేలా పొడిగించి, గోడ చుట్టూ బయటికి వాలు ఉన్న పలకను వేయండి. మన్ను ఒకసారి మరీ తడిసి, మరోసారి మరీ ఆరే తేడా తగ్గితే, పగులుకు కారణం ఏదైనా మేలే జరుగుతుంది. చెట్టు గురించి మాత్రం నాకు ఇప్పుడే అభిప్రాయం లేదు. కొట్టేస్తే అది పీల్చే నీరంతా మన్నులోనే మిగిలి, అక్కడ ఉబ్బు ఇంకా పెరగవచ్చు.

మేస్త్రి: గొట్టం పని నేను చేసిపెడతాను, స్క్రూలు కూడా నేనే బిగిస్తాను. కానీ నా మాట రాసి పెట్టుకోండి, ఆ రెండు స్క్రూల మధ్య దూరం మారదు.

ఇంజనీరు: ఈ వేసవి కొలతను ఇప్పుడే రాసుకుందాం. వచ్చే కార్తీకంలో, మళ్లీ వచ్చే రోహిణిలో కొలిచిన అంకెలను దీని పక్కన పెట్టి చూద్దాం. అప్పటివరకు పగులు మూడు మిల్లీమీటర్లు దాటినా, పెన్సిలు గీత దాటి నేల వరకు దిగినా, తలుపు పట్టేయడం మొదలైనా కొలతల కోసం ఆగకండి, నన్ను పిలవండి.