మోడరేటర్ గారి బిరుదులు కోసేస్తే ఏం మిగిలింది?

విశాఖలో సదస్సు ఏదైనా, బ్రోషర్‌లో వక్తల పరిచయాల కంటే మోడరేటర్ గారి పరిచయమే పొడుగ్గా ఉండాలని ఒక రూలు పెట్టాలని నా మనవి. ఎలాగూ చాలామంది ఇప్పటికే పాటిస్తున్నారు, ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

మొన్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల చేపల వేట నిషేధం మీద ఒక చర్చకి బ్రోషర్ వేశారు. బోటు యజమాని, కళాసీ, శాస్త్రవేత్త, మత్స్యశాఖ అధికారి, నలుగురికీ తలా రెండు లైన్లు. మోడరేటర్ గారికి మాత్రం అరపేజీ: వాక్చతురుడు, వేదికల వేగుచుక్క, సభారంజక శిరోమణి, వందలాది కార్యక్రమాల అనుభవశాలి, సంగీత్ మొదలుకొని ఫార్మా సదస్సు దాకా ఏదైనా అలవోకగా నడిపించగల దిట్ట. విశేషణాలన్నీ పెన్సిల్‌తో కొట్టేసి చూశాను. ఫోటో మిగిలింది. (ఫోటో బాగుంది, కాదనను.)

ఇంతకీ ఆ పేజీ చదివేవాడికి కావాల్సిందేమిటి? లెక్క చూడండి. చర్చకి 45 నిమిషాలు ఇచ్చారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు కలిసి 15 మింగేస్తాయి, శ్రోతల ప్రశ్నలకి 10 పక్కన పెడితే మిగిలేది 20, అంటే మనిషికి ఐదు. అందులో 'ముందుగా అందరూ తొలిపలుకులు చెప్పండి' అన్నారో, అధికారి గారి తొలిపలుకుల్లోనే సభ ముగుస్తుంది, కళాసీ మైకు ముట్టుకోకుండానే టీ తాగి వెళ్లిపోతాడు. పని తెలిసినవాళ్లు తొలిపలుకులు ఎత్తేసి, మైకు ముందు కళాసీకిచ్చి, బోటు కట్టేసిన రెండు నెలలూ ఇల్లు ఎలా గడుస్తోందని అడిగి, ఆ జవాబు పట్టుకుని అధికారి వైపు తిరుగుతారు. ఇంజన్ లేని తెప్పలకి వర్తించని నిషేధం మాకెందుకని యజమాని గొంతు పెంచితే, సంగతి శాస్త్రవేత్తకి అప్పజెప్పి, ఆయన ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో ఒక్క వాక్యంలో అందిస్తారు.

పరిచయంలో రాయాల్సింది ఇదే కదా. 'మత్స్యకారులు, అధికారులు కలిసి కూర్చున్న చర్చలు తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో నడిపారు. వక్తలతో ముందురోజే ఫోన్లో మాట్లాడతారు. శ్రోతల ప్రశ్నల సమయం కోయరు.' దాని కింద పూర్తిగా వేరే రకం సభ ఇంకోటి, డాక్టర్లదో విద్యార్థులదో, ఒక్క లైను. చేసినవైతేనే రాయాలి సుమా. ఎలాంటి జనాన్ని పట్టగలరో ఆ రెండు సభలు చూస్తే తెలిసిపోతుంది. సంగీత్ కూడా ఉండొచ్చు, పెళ్లివారి బ్రోషర్‌లో.

నిర్వాహకులు ఈ కొత్త పరిచయం మోడరేటర్ గారికి పంపించారట. చాలా బాగుందన్నారట ఆయన, కాకపోతే కింద కొంచెం ఖాళీ కనిపిస్తోంది, 'శిరోమణి' ఒక్కటైనా అక్కడ పట్టదా అని అడిగారట.