ఏడాది తేడాతో పుట్టి, మూడున్నరేళ్ల తేడాతో పింఛను

స్త్రీలకు ఒక విరమణ వయసు, పురుషులకు మరొకటి ఉన్న పథకాలను సమానం చేయాలా వద్దా అన్న చర్చ చాలా దేశాల్లో దాదాపు ముగిసింది. ముగియనిది ఎంత వేగంగా చేయాలన్న చర్చ. ఆ వేగం ఒక్కొక్కరి లెక్కలను ఎలా తారుమారు చేస్తుందో చూడాలంటే బ్రిటన్ స్టేట్ పెన్షన్ అనుభవం కంటే మంచి ఉదాహరణ దొరకదు. స్టేట్ పెన్షన్ అంటే అక్కడి ప్రభుత్వ పింఛను.

అక్కడ 1940లో స్త్రీల పింఛను వయసును 60కి తగ్గించారు. పురుషులది 65గానే ఉండిపోయింది. భార్యలు సాధారణంగా భర్తల కంటే కొన్నేళ్లు చిన్నవారు కాబట్టి ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి పింఛను మొదలవ్వాలన్నది అప్పట్లో వినిపించిన వాదనల్లో ఒకటి. ఈ తేడాను తొలగించాలని 1995లో పార్లమెంటు చట్టం చేసింది. 1950 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన స్త్రీలకు వయసు మెల్లగా పెరుగుతూ 2020 నాటికి 65కు చేరాలన్నది ఆ చట్టం. చట్టానికీ అమలు మొదలవడానికీ మధ్య 15 ఏళ్ల వ్యవధి ఉంది. కాగితం మీద చూస్తే ఇంతకంటే ఉదారమైన గడువు ఉండదనిపిస్తుంది.

కానీ 'మెల్లగా' అన్న మాటలో ఒక మెలిక ఉంది. ఒక నెల ఆలస్యంగా పుట్టిన స్త్రీకి పింఛను ఎలాగూ ఒక నెల ఆలస్యంగా వస్తుంది. దానికి తోడు ఆమె పింఛను వయసు కూడా ఒక నెల పెరుగుతుంది. అంటే పుట్టుకలో ప్రతి నెల తేడాకూ పింఛను తేదీలో రెండు నెలల తేడా వస్తుంది. 2011లో వచ్చిన మరో చట్టం ఈ వాలును ఇంకా నిటారుగా మార్చింది. 65ను 2020లో కాక 2018 నవంబరుకే చేరాలనీ, ఆపైన స్త్రీపురుషులిద్దరికీ 2020 అక్టోబరుకల్లా 66 కావాలనీ నిర్ణయించింది. దాంతో 1953 ఏప్రిల్ తర్వాత కొన్ని నెలల్లో పుట్టినవారికి ప్రతి నెల తేడాకూ పింఛను నాలుగు నెలలు వెనక్కి జరిగింది.

ఇద్దరు స్త్రీలను తీసుకుందాం. ఒకరు 1953 మార్చి 20న, మరొకరు సరిగ్గా ఏడాది తర్వాత పుట్టారు. మొదటామెకు 2016 మార్చి 6న, ఇంకా 63 నిండకముందే పింఛను అందింది. రెండో ఆమెకు 1995 చట్టం ప్రకారం 2018 మార్చి 6న రావాలి. 2011 చట్టం దాన్ని 2019 సెప్టెంబరు 6కు, అంటే ఏడాదిన్నర వెనక్కి నెట్టింది. పూర్తి రేటు పింఛనుకు అర్హురాలైతే అప్పటి వారపు రేట్ల ప్రకారం ఆమె కోల్పోయింది సుమారు 13,000 పౌండ్లు. బిల్లు మొదటి రూపంలో కొందరికి రెండేళ్ల దాకా వాయిదా పడేది. నిరసనల తర్వాత 18 నెలలకు పరిమితం చేశారు.

ఈ రెండో ఆమె ప్రణాళికను దగ్గరగా చూస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఆమె 2014లో 60 నిండగానే ఉద్యోగం మానేసి, పింఛను వచ్చేదాకా నెలకు 1,000 పౌండ్ల చొప్పున సొంత పొదుపు ఖర్చు చేసుకోవాలనుకుందనుకుందాం. ఈ అంకెలు నా ఊహ, తేదీలు మాత్రం నిజమైనవి. పాత తేదీ ప్రకారం ఆమె దాటాల్సిన మధ్యకాలం 48 నెలలు, కావలసింది 48,000 పౌండ్లు. కొత్త తేదీతో అది 66 నెలలు, 66,000 పౌండ్లు అయింది. పింఛను వయసు పెరిగింది ఏడాదిన్నరే గానీ, ఆమె సొంతంగా కూడబెట్టాల్సిన మొత్తం మూడో వంతుకు మించి పెరిగింది. చట్టానికి ఆమోదముద్ర పడింది 2011 నవంబరులో. అప్పటికి ఆమె అనుకున్న విరమణకు 28 నెలలే మిగిలాయి కాబట్టి, లోటు పూడాలంటే అంతకుముందు దాస్తున్నదానికి అదనంగా నెలకు దాదాపు 640 పౌండ్లు దాయాలి. మామూలు జీతంతో అది అయ్యే పని కాదు.

రెండో దారి ఇంకొంతకాలం పనిచేయడం. పింఛను 18 నెలలు జరిగింది కాబట్టి 18 నెలలూ పనిచేయాల్సిందేనని చాలామంది అనుకుంటారు గానీ, లెక్క అలా ఉండదు. అదనంగా పనిచేసిన ప్రతి నెలా మధ్యకాలాన్ని ఒక నెల తగ్గిస్తుంది, అంటే 1,000 పౌండ్ల ఖర్చు తప్పుతుంది. ఆ నెల జీతంలోంచి 300 దాచగలిగితే ఆమె పరిస్థితి 1,300 మేర మెరుగుపడుతుంది. ఆ లెక్కన 14 నెలలు చాలు. అయితే ఈ ఉపాయం ఉద్యోగం చేతిలో ఉన్నవారికే. అనారోగ్యంతోనో, ముసలి తల్లిదండ్రుల కోసమో 57వ ఏటనే పని వదిలేసిన స్త్రీకి జీతమూ లేదు, తిరిగి ఉద్యోగం ఇచ్చేవారూ తక్కువే. గడువు ఎంత ఇచ్చారన్నదాన్ని క్యాలెండరు మీద కాక, ఆమెకు మిగిలిన సంపాదన నెలల్లో కొలవాలని నేననేది ఇందుకే.

దంపతుల లెక్క కూడా మారుతుంది. భర్త నాలుగేళ్లు పెద్దవాడైతే, పాత పద్ధతిలో అతను 65 దాటేనాటికే ఆమెకు పింఛను వస్తుండేది. వయసులు సమానమయ్యాక ఆ ఇల్లు నాలుగేళ్ల పాటు ఒక్క పింఛనుతోనే నడవాలి. విచిత్రమేమిటంటే, పేద వృద్ధులకిచ్చే పెన్షన్ క్రెడిట్ అర్హత స్త్రీల పింఛను వయసుతో ముడిపడి ఉండడంతో, అది పెరిగేకొద్దీ 60 దాటిన పురుషులు కూడా ఆ సాయానికి దూరమయ్యారు. స్త్రీల వయసు మారితే మగవాళ్లకేమిటి అనుకున్నవాళ్లకు ఇది ఆలస్యంగా అర్థమైంది.

ఇలాంటి ముడులు వ్యక్తిగత పత్రాల్లోనూ ఉంటాయి. కొన్ని కంపెనీ పథకాలు ప్రభుత్వ పింఛను మొదలయ్యేదాకా కొంత అదనంగా చెల్లిస్తాయి. ఆ చెల్లింపు ఎప్పుడు ఆగుతుందన్నచోట '60 ఏళ్లు' అని అంకె రాసి ఉందా, 'ప్రభుత్వ పింఛను వయసు' అని ఉందా చూడాలి. మొదటిదైతే చట్టం మారినా ఆ గడువు మారదు, మధ్యలో ఖాళీ పడుతుంది. జబ్బుపడితే ఆదాయమిచ్చే బీమా పాలసీల గడువు కూడా అంతే: పాత వయసును నమ్మి 60కి ముగిసేలా తీసుకున్న పాలసీ, ఆ స్త్రీకి అది అత్యవసరమయ్యే ఏళ్లలోనే ఉండదు.

ఇక సమాచారం సంగతి. 1995 నాటి మార్పు గురించి బాధిత స్త్రీలకు విడివిడిగా ఉత్తరాలు పంపడం మొదలైంది 2009 ఏప్రిల్‌లో. అవి 28 నెలలు ముందే వెళ్లి ఉండాల్సిందని, ప్రభుత్వ శాఖలపై ఫిర్యాదులను విచారించే పార్లమెంటరీ అంబుడ్స్‌మన్ తేల్చి, 2024 మార్చి నివేదికలో ఒక్కొక్కరికి 1,000 నుంచి 2,950 పౌండ్ల పరిహారం సూచించారు. ప్రభుత్వం ఆ డిసెంబరులో కాదంది. ఆ ఉత్తరాలు సమయానికి వెళ్లి ఉంటే 1995 మార్పును చాలామంది తట్టుకునేవారని నా అభిప్రాయం. 2011 మార్పు సంగతి వేరు. 1995 చట్టం చెప్పిన తేదీని తెలుసుకుని, నమ్మి, దాని ప్రకారం సర్దుకున్నవారికే అది గట్టిగా తగిలింది.

స్విట్జర్లాండ్ దారి వేరు. 2022 సెప్టెంబరు ప్రజాభిప్రాయ సేకరణలో అతి స్వల్ప ఆధిక్యంతో గెలిచిన సంస్కరణ ప్రకారం స్త్రీల వయసు 64 నుంచి 65కు ఏడాదికి మూడు నెలల చొప్పున పెరుగుతుంది: 1961లో పుట్టినవారికి 64 ఏళ్ల 3 నెలలు, 1964 నుంచి పుట్టినవారికి 65. పుట్టిన సంవత్సరం తెలిస్తే వయసు తెలిసిపోతుంది, పట్టిక వెతుక్కోనక్కర్లేదు. 1961 నుంచి 1969 దాకా పుట్టిన స్త్రీలను సంధికాలపు తరంగా గుర్తించి, పూర్తి వయసుదాకా ఆగినవారికి జీవితాంతం కొంత అదనపు పింఛను, ముందే తీసుకునేవారికి మామూలు కంటే తక్కువ కోత పెట్టారు. అదనం తక్కువ ఆదాయం ఉన్నవారికి ఎక్కువ, అయినా నెలకు 160 ఫ్రాంకులు మించదు. ఏడాది పింఛను వదులుకున్నదానికి ఇది సమానం కాదని అక్కడి స్త్రీ సంఘాలు వాదించాయి, అందులో న్యాయం ఉంది. అయినా ఆగితే ఎంత, ముందే తీసుకుంటే ఎంత అన్నది అక్కడి స్త్రీ ముందుగానే కాగితం మీద వేసి చూసుకోగలదు. 1954 మార్చిలో పుట్టిన బ్రిటిష్ మహిళ 2010లో అలా వేసుకున్న లెక్క మరుసటి ఏడాదికే చెల్లకుండా పోయింది.