బాబాయి అడిగిన రికార్డింగు

బాబాయి ఆన్‌లైన్‌లో కొన్న వాషింగ్ మిషన్ మూడో ఉతుకులోనే హాలు నిండా నీళ్ళు వదిలింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అమ్మాయి ఎవరో "కొత్తది పంపిస్తాం సార్" అంది. వారం తిరగకుండానే అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదని కంపెనీ తేల్చేసింది.

"ఫోన్ ఎత్తగానే, నాణ్యత కోసం మీ కాల్ రికార్డు చేస్తున్నామని వాళ్ళే చెప్పారుగా! ఆ నాణ్యత నేనూ వింటాను" అన్నాడు బాబాయి. సమాచార హక్కు కింద అర్జీ పెడతానని కాగితం కూడా తీశాడు. ఆ చట్టం ప్రైవేటు కంపెనీలకు వర్తించదని చెప్పి, ఫిర్యాదుల అధికారికి రాయించాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి పేరు, వివరాలు కంపెనీ బయట పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషికి ఉత్తరం రాయడం కంటే పండగ ఏముంది? మొదటి పేజీ అంతా హాలులో నీటిమట్టం గురించే రాశాడు. అదంతా కొట్టేయించాను. కాల్ వెతకడానికి వాళ్ళకు కావలసింది ఏ నంబరు నుంచి చేశారు, ఏ తేదీన, ఏ సమయానికి, ఫిర్యాదు నంబరు ఎంత అన్నవే. అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇంకొకటి ఉంది. పాత రికార్డింగులను కొంతకాలానికి చెరిపేస్తారు కనుక, "వివాదం తేలేవరకు దీన్ని భద్రపరచండి" అని రాయాలి. ఆ తర్వాత వాళ్ళు కాపీ ఇవ్వకపోయినా, వినియోగదారుల కమిషన్‌కు వెళితే దాన్ని తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. బాబాయి "శాశ్వతంగా భద్రపరచండి" అని మార్చి, కింద రెండు గీతలు గీశాడు.

ఆశ్చర్యం, కాపీ వచ్చింది! ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నాం. హామీ స్పష్టంగా వినిపించింది. బాబాయి మీసం మెలేశాడు. తర్వాత ఆ అమ్మాయి "ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సార్" అంది, సంగీతం మొదలైంది. మనల్ని ఆపి ఉంచినప్పుడు కూడా కొన్నిచోట్ల రికార్డింగు ఆగదు. వీణానాదం వెనక నుంచి పిన్ని గొంతు:

"మెకానిక్కు బిగించిన పైపు మీరెందుకు విప్పారని అడిగితే ఏం చెబుతారు?"

"ఉష్! ఆ సంగతి ఎత్తకు. నీళ్ళు వాటంతటవే వచ్చాయని చెబుదాం."

పిన్ని మళ్ళీ పెట్టమంది. మరోసారి పెట్టమంది. సాయంత్రానికి పెద్దత్తయ్యకూ, ఇద్దరు ఆడపడుచులకూ ఫోనులో పంపించింది.

బాబాయి ఆ రాత్రే రెండో ఉత్తరం రాశాడు. విషయం: సదరు రికార్డింగును తక్షణం చెరిపివేయుట గురించి.

జవాబు చాలా మర్యాదగా వచ్చింది: "తమరి మొదటి లేఖలోని కోరిక ప్రకారం దానిని శాశ్వతంగా భద్రపరిచాము."