సవరణ: చైనా కొత్త సంవత్సరం వీడియోలో చేప గురించి

"చేప నీళ్లలో ఉంటుంది, నీళ్లు సంపదకు గుర్తు కాబట్టి తింటారు అన్నారు కదా, మా చైనా సహోద్యోగి కారణం అది కాదంటోంది. ఏది నిజం?"

ఆవిడ చెప్పిందే నిజం. స్క్రిప్టులో ఆ వాక్యం నేను రాసిందే, తప్పు నాది. అసలు కారణం మాటలోనే ఉంది. చైనీస్ భాషలో చేపను 'యూ' అంటారు, మిగులును కూడా 'యూ' అనే అంటారు. రాతలో అక్షరాలు వేరు, పలకడం మాత్రం ఒక్కటే. 'ఏటేటా మిగులు ఉండాలి' అనే శుభాకాంక్ష చెవికి 'ఏటేటా చేప ఉండాలి' అన్నట్టే వినిపిస్తుంది. అందుకే పండుగ ముందు రాత్రి భోజనంలో చేపను కోయకుండా, తల నుంచి తోక దాకా నిండుగా వడ్డిస్తారు. చాలా ఇళ్లలో దాన్ని పూర్తిగా తినరు, కొంత మర్నాటికి ఉంచుతారు. పళ్లెంలో మిగిలితేనే కదా మిగులు! నా వీడియోలో ఈ ముఖ్యమైన సంగతే లేదు.

బియ్యప్పిండి కేకు 'నియెన్ గావ్' కూడా ఇలాంటిదే. 'గావ్' అంటే కేకు, ఎత్తు అనే అర్థమూ వినిపిస్తుంది, కాబట్టి ఏటికేడు పైకి ఎదగాలని. దీన్ని జిగురు బియ్యప్పిండితో చేస్తారు, మన ఇడ్లీ బియ్యంతో ఆ సాగుడు రాదు.

ఇంకొకటి. "చైనా అంతటా ఆ రాత్రి జ్యావ్‌జ కుడుములే తింటారు" అన్నాను. అది ప్రధానంగా గోధుమ పండే ఉత్తరాది ఆచారం. వాటికి మాత్రం అర్థం ఆకారంలో ఉంది: పాతకాలంలో డబ్బుగా వాడిన పడవ ఆకారపు వెండి ముద్దల్లా ఉంటాయి.

మార్చిన వాక్యం: "చేపను మిగల్చండి, చైనీస్‌లో ఆ మాట మిగులు అన్నట్టే వినిపిస్తుంది."